ముందు నంబరు, తర్వాతే ఫోను

కువైట్ నుంచి ఇంటికొచ్చేసిన మా తమ్ముడు కొత్త ఫోన్ కొని, కడప సిమ్ వేసి, నేరుగా వాట్సాప్ తెరిచాడు. లోపల ఒక్క చాట్ లేదు, ఒక్క గ్రూపూ లేదు. డ్రైవ్‌లో బ్యాకప్ ఉన్నా అది కువైట్ నంబరు మీద దాచినది. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ తిరిగి రావాలంటే గూగుల్ ఖాతాతో పాటు నంబరూ అదే ఉండాలి.

అందుకే మార్పు పాత ఫోన్‌లోనే మొదలుపెట్టాలి. అందులో వాట్సాప్ పాత నంబరుతో నడుస్తుండగానే సెట్టింగ్స్‌లో అకౌంట్, అక్కడ ‘చేంజ్ నంబర్’ నొక్కి, పాత, కొత్త నంబర్లు రెండూ దేశం కోడ్‌తో సహా ఇవ్వాలి. కోడ్ కొత్త నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ ఏదో ఒక ఫోన్‌లో పనిచేస్తుంటే చాలు. గ్రూపులు, అడ్మిన్ హోదా కూడా కొత్త నంబరుకు వచ్చేస్తాయి. నంబరు మారిందని గ్రూపుల్లో దానంతటదే కనిపిస్తుంది.

ఇప్పుడు బ్యాకప్ తీయాలి. చాలామంది తప్పేది ఇక్కడే: నిన్నటి బ్యాకప్ ఉందిలే అనుకుంటారు. అది పాత నంబరుది. చాట్ బ్యాకప్‌లో ఈరోజు తేదీ, సమయం కనిపించాకే కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసి, అదే గూగుల్ ఖాతాతో ‘రీస్టోర్’ నొక్కండి.

తమ్ముడి పాత ఫోన్‌లో చాట్లు భద్రంగానే ఉన్నాయి. కువైట్ సిమ్ ఇంకా బతికే ఉండటంతో ఆ నంబరుతో మళ్లీ లాగిన్ అయి, ఈ వరుసలోనే అన్నీ తెచ్చుకున్నాడు. ఈ పని ముగిసేదాకా పాత సిమ్ వదులుకోకండి, పాత ఫోన్ చెరపకండి.