మీకు తెలుసా? ఫ్లూ టీకా ఏటా ఎందుకు మారుతుంది?

ఫ్లూ వైరస్ ఒంటినిండా హెచ్ఏ అనే ప్రొటీన్ ముళ్లలా పొడుచుకొని ఉంటుంది. మన యాంటీబాడీలు ముఖ్యంగా దీన్ని చూసే వైరస్‌ను గుర్తుపడతాయి. జన్యువులను నకలు తీసుకునేటప్పుడు దొర్లే తప్పులను వైరస్ సరిదిద్దుకోలేదు. అందుకే ఈ ప్రొటీన్ కొద్దికొద్దిగా మారుతూ, పాత యాంటీబాడీలకు అంతుచిక్కకుండా పోతుంది. ఇదే యాంటీజెనిక్ డ్రిఫ్ట్.

వివిధ దేశాల ల్యాబులు ఏడాది పొడవునా రోగుల నమూనాలు పరీక్షిస్తాయి. వాటిని బట్టి టీకాలో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో సూచిస్తుంది. కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి టీకా సిద్ధం చేయడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఈలోగా వైరస్ మారిపోతే?

2014లో అదే జరిగింది. హెచ్3ఎన్2 రకానికి ఫిబ్రవరిలో ‘టెక్సాస్’ వైరస్‌ను ఎంచుకున్నారు. చలికాలానికల్లా దానికి భిన్నమైన ‘స్విట్జర్లాండ్’ తరహా వైరస్‌లు అమెరికాలో బాగా వ్యాపించాయి. ఆ ఏడాది అక్కడ టీకా ప్రభావం సుమారు 19 శాతమే. తర్వాతి టీకాలో ‘స్విట్జర్లాండ్’ వైరస్‌ను చేర్చారు.

డ్రిఫ్ట్ కాక, యాంటీజెనిక్ షిఫ్ట్ అనే మరో రకం మార్పూ ఉంది. జంతువుల, పక్షుల, మనుషుల ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో చేరి జన్యు ముక్కలను మార్చుకుంటే, చాలామందికి రక్షణ లేని కొత్త హెచ్ఏతో వైరస్ పుట్టవచ్చు. 2009 నాటి ‘స్వైన్ ఫ్లూ’ అలా వచ్చిందే. అప్పటి మామూలు ఫ్లూ టీకా దాన్ని సరిగా అడ్డుకోలేకపోవడంతో ప్రత్యేక టీకా తయారుచేయాల్సి వచ్చింది.