కణం లోపలి నాళికలకు వెలుగు

కణం ఆకారాన్ని నిలబెడుతూ, లోపలి సరుకుల రవాణాకు దారులుగా పనిచేసే సన్నని గొట్టాలను సూక్ష్మనాళికలు అంటారు. ఇవి ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. ఒక్కో నాళిక మందం సుమారు 25 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపు కింద కణం దాదాపు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఇవి విడిగా కనబడవు. చూడాలంటే వీటికి మాత్రమే వెలుగు అంటించాలి.

ఆ పని యాంటీబాడీలు చేస్తాయి. ఒక్కో యాంటీబాడీ ఒక ప్రోటీన్‌లోని నిర్దిష్ట భాగాన్ని గుర్తుపట్టి అతుక్కుంటుంది. 1940ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు యాంటీబాడీకి ప్రతిదీప్తి రంగును జోడించి, అది అతుక్కున్న చోటును మైక్రోస్కోపులో చూడవచ్చని నిరూపించారు. ప్రతిదీప్తి రంగు ఒక రంగు కాంతిని పీల్చుకుని, కొంత శక్తిని కోల్పోయి, మరో రంగు కాంతిని వదులుతుంది. నీలి కాంతి పడితే ఆకుపచ్చగా వెలిగే రంగులు ఇందుకు ఉదాహరణ. మైక్రోస్కోపులోని ఫిల్టరు నీలి కాంతిని ఆపేసి ఆకుపచ్చను మాత్రమే పోనిస్తుంది. అందుకే చీకటి నేపథ్యంలో రంగు ఉన్న చోటు మాత్రమే మెరుస్తుంది.

గాజుపలకపై పెరిగిన కణాలను ముందుగా మైనస్ 20 డిగ్రీల మిథనాల్‌లో కొన్ని నిమిషాలు ఉంచుతారు. దీంతో ప్రోటీన్లు ఉన్నచోటే గట్టిపడతాయి, కణపొరలో యాంటీబాడీలు దూరగలిగేంత దారి ఏర్పడుతుంది. తర్వాత యాంటీబాడీలు ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ఆల్బుమిన్ వంటి ప్రోటీన్ ద్రావణంలో నానబెడతారు. అప్పుడు ట్యూబ్యులిన్‌ను గుర్తించే ఎలుక యాంటీబాడీని వేసి, కడిగి, ఎలుక యాంటీబాడీని పట్టుకునే, రంగు తగిలించిన మేక యాంటీబాడీని వేస్తారు. ఒక్క ఎలుక యాంటీబాడీకి పలు మేక యాంటీబాడీలు అతుక్కోవడం వల్ల వెలుగు పెరుగుతుంది. చివరికి కేంద్రకం దగ్గర మొదలై కణం అంచుల దాకా పాకిన పచ్చని పోగులు కళ్లముందు నిలుస్తాయి.

ఒక్కోసారి పోగులకు బదులు పచ్చని మసక మాత్రమే కనిపిస్తుంది. మిథనాల్‌లో వేయకముందే కణాలు చల్లబడితే అలా జరగవచ్చు. ఎందుకంటే చలికి చాలా నాళికలు విడిపోయి ట్యూబ్యులిన్ అణువులుగా చెదిరిపోతాయి. అసలు వెలుగు ట్యూబ్యులిన్‌దేనా అని తేల్చడానికి మరో పలకపై ఎలుక యాంటీబాడీని మానేసి, మేక యాంటీబాడీని మాత్రమే వేస్తారు. అక్కడా అంతే మెరిస్తే ఆ వెలుగు నమ్మదగినది కాదు. నాళికలను కరిగించే నొకొడజోల్ మందు ఇచ్చిన కణాల్లో పోగులు మాయమైతే నమ్మకం బలపడుతుంది.

పద్ధతికి హద్దులూ ఉన్నాయి. మిథనాల్‌లో కణాలు చనిపోతాయి కనుక నాళికల కదలిక కనబడదు. కాంతి తరంగ స్వభావం వల్ల 25 నానోమీటర్ల నాళిక సుమారు 250 నానోమీటర్ల గీతగా పరుచుకుని, పక్కపక్కనున్న రెండు నాళికలు ఒక్కటిగా కలిసిపోతాయి. కాబట్టి చిత్రంలోని గీత నాళిక ఉన్న చోటును చెబుతుంది, దాని మందాన్ని కాదు.