పవర్ బ్యాంకుకీ ఓ ఆయుష్షు

మన బ్యాంకులో డబ్బు వాడకపోతే వడ్డీతో పెరుగుతుంది. పవర్ బ్యాంకులో దాచిన కరెంటు మాత్రం వాడినా, వాడకపోయినా తరుగుతూనే ఉంటుంది. అసలు అది ఎన్నాళ్లు మన్నుతుందో చూద్దాం.

లోపలుండే లిథియం బ్యాటరీ ఆయుష్షును సంవత్సరాల్లో కాక ‘సైకిళ్ల’లో లెక్కిస్తారు. పూర్తి సామర్థ్యమంత కరెంటు ఒకసారి వాడితే ఒక సైకిల్. ఈరోజు సగం, రేపు సగం వాడినా కలిపి ఒక్కటే. సాధారణంగా 300 నుంచి 500 సైకిళ్లు దాటేసరికి సామర్థ్యం కొత్తలో ఉన్నదాంట్లో దాదాపు 80 శాతానికి దిగుతుంది. అంటే అప్పుడే పాడైపోయినట్టు కాదు, నిల్వ తగ్గినట్టు.

మా ఇంట్లోని 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకునే తీసుకుందాం. కొత్తలో నిండుగా ఛార్జ్ చేసి, స్విచాఫ్ చేసిన ఫోన్‌కు పెట్టి చూశాను. 20 శాతం నుంచి 100 వరకు ఒకసారి, మరోసారి 20 నుంచి 75 వరకు ఎక్కించింది. మొత్తం 135 పాయింట్లు. వోల్టేజీ మార్పులో, వేడి రూపంలో కొంత పోతుంది కాబట్టి 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కు రెండు పూర్తి ఛార్జింగులు రావు. అది లోపం కాదు. వారానికి రెండుసార్లు పూర్తిగా వాడుతూ మూడేళ్లు గడిచాక, అంటే 300 సైకిళ్లు దాటాక, మళ్లీ అదే ఫోన్‌తో చూశాను. రెండోసారి 48 దగ్గరే ఆగింది. మొత్తం 108, అంటే సరిగ్గా 80 శాతం. అయితే ఫోన్ బ్యాటరీ కూడా పాతబడి ఉంటే ఈ లెక్క అసలు కంటే కాస్త మెరుగ్గా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

వాడకుండా దాచేటప్పుడు నిండా ఛార్జ్ చేసి పెట్టకూడదు, ఖాళీగానూ పెట్టకూడదు. నాలుగు లైట్లలో రెండు వెలిగేంత ఉంచి, చల్లగా, పొడిగా ఉండే అల్మారాలో పెట్టండి. మూడు నెలలకోసారి తీసి చూసి, మళ్లీ సగానికి నింపండి. పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి పడి ఉంటే ఇక ఛార్జింగే ఎక్కకపోవచ్చు. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలొద్దు. బ్యాటరీని ముసలిదాన్ని చేసేది ముఖ్యంగా వేడే.

ముసలితనం ఎలా తెలుస్తుంది? నాలుగు లైట్లు ఉన్నట్టుండి ఒకటికి పడిపోతాయి. మునుపటి కంటే త్వరగా ‘నిండిపోతుంది’, అంతే త్వరగా ఖాళీ అవుతుంది. ఇంతవరకు భయం లేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, డొక్కు ఉబ్బినా, బల్ల మీద పెడితే ఊగినా, ఘాటైన వాసన వచ్చినా వెంటనే వాడటం ఆపేయండి. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. మంటలంటుకునే ప్రమాదముంది. చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించండి.

కొన్న రోజునే ఆ తేదీని ఒక చిన్న కాగితం మీద రాసి దాని వెనక అంటించండి. వయసు ఎంతో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.