సిగ్నల్ పోతే మెసేజ్ ఏమవుతుంది?

మొబైల్ ఇంజనీర్ ఇంటర్వ్యూలో చాట్ యాప్ డిజైన్ చేయమంటే చాలామంది సర్వర్‌తో మొదలుపెడతారు. నిజానికి కథ ఫోన్‌లోనే మొదలవుతుంది. "బయల్దేరాను" అని పంపగానే రైలు సొరంగంలోకి వెళ్లిందనుకోండి. యాప్ ఆ మెసేజ్‌కి తనే ఒక ఐడీ ఇచ్చి, ముందు ఫోన్ డేటాబేస్‌లో రాసుకుని, తర్వాతే పంపాలి. మెసేజ్ సర్వర్‌కి చేరినా 'అందింది' అన్న జవాబు దారిలో పోవచ్చు. యాప్ మళ్లీ పంపుతుంది. ఐడీ అదే కాబట్టి సర్వర్ దాన్ని రెండోసారి చేర్చుకోదు. ప్రతిసారీ కొత్త ఐడీ ఇస్తే అవతల అదే మాట రెండుసార్లు కనిపిస్తుంది.

వరుసకి ఫోన్ గడియారాన్ని నమ్మకూడదు. అది ఐదు నిమిషాలు వెనకుంటే జవాబు ప్రశ్నకంటే ముందు కనిపిస్తుంది. ప్రతి సంభాషణలో సర్వరే 41, 42, 43 అని సంఖ్యలివ్వాలి. నెట్ రాగానే ఫోన్ "41 వరకు ఉన్నాయి" అని చెప్పి మిగతావి తెచ్చుకుంటుంది. 42 తర్వాత 44 వస్తే 43 తప్పిందని తెలిసిపోతుంది. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ సొరంగం కథను ముందుగా కాగితంపై గీసి చూసుకోండి.