సదస్సులో ఐదు నిమిషాల పరిచయం, ఆ తర్వాత రాసే మెయిల్: అపోహలు – వాస్తవాలు

జాతీయ స్థాయి సదస్సులో పోస్టర్ పెట్టే అవకాశం వచ్చిన పరిశోధక విద్యార్థులు దాని పక్కన గంటా గంటన్నర నిలబడతారు. తాము చదివిన పేపర్లు రాసిన శాస్త్రవేత్తే ఒక్కోసారి ఎదురుగా వచ్చి ఆగుతారు. రెండు మూడు ప్రశ్నలు వేసి, "బాగుంది, నాకు మెయిల్ చెయ్యండి" అని ముందుకు సాగిపోతారు. ఆ మెయిల్ రాయనివాళ్లు చాలామంది ఉంటారు. రాసినా జవాబు రాక, తమ పని నచ్చలేదేమోనని కుంగిపోయేవాళ్లూ ఉంటారు. చాలాసార్లు లోపం పనిలో ఉండదు. ఆ మెయిల్ ఎలా ఉండాలన్న విషయంలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే అడ్డం పడతాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ మీద పనిచేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థిని ఒకామె ఉందనుకోండి. కాండం కుళ్ళు తెగులును అదుపు చేయడానికి ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని పశువుల ఎరువులో పెంచి పొలంలో వేసింది. విత్తిన 30 రోజులకు మట్టిలో అది ఎంత మిగిలి ఉందో లెక్కించి పోస్టర్‌లో చూపించింది. ఆ పోస్టర్ దగ్గర ఆగిన పెద్ద శాస్త్రవేత్త ఒకే మాట అడిగారు: "30 రోజులు సరేనమ్మా, ఊడలు దిగేనాటికి మిగులుతోందా? తెగులు ముదిరేది అప్పుడే కదా." ఆమె, "60 రోజుల నమూనాలు తీశాను సర్, లెక్క ఇంకా పూర్తి కాలేదు" అంది. "తేలాక నాకు చెప్పు" అని ఆయన కార్డు ఇచ్చి వెళ్లారు.

అపోహ: ఎదురుగా నిలబడి మాట్లాడాం కాబట్టి పేరు చెబితే గుర్తుపట్టేస్తారు.

వాస్తవం: మనిషి జ్ఞాపకంలో అన్నిటికంటే ముందు జారిపోయేది పేరే. 1987లో బ్రిటన్‌లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ముఖాలు చూపించి, ఒక్కొక్కరి పేరూ వృత్తీ చెప్పి, తర్వాత ఎవరికి ఏది గుర్తుందో చూశారు. వృత్తి గుర్తున్నంతగా పేరు గుర్తులేదు. ఒకే మాటను ఒకరికి పేరుగానూ మరొకరికి వృత్తిగానూ చెప్పినప్పుడు కూడా, పేరుగా చెప్పినదాన్నే ఎక్కువ మరిచిపోయారు. పని అనగానే మనసులో ఒక బొమ్మ కడుతుంది, దానికి మరో పది సంగతులు అల్లుకుంటాయి. పేరుకు ఆ ఆసరా ఉండదు.

ఇక్కడా అంతే. ఆ శాస్త్రవేత్తకు అమ్మాయి పేరు గుర్తుండకపోవచ్చు. తాను వేసిన ప్రశ్న మాత్రం ఎదుట పెడితే చటుక్కున గుర్తొస్తుంది, ఎందుకంటే అది ఆయన ఆలోచనే. కాబట్టి సబ్జెక్ట్ లైన్‌లో "సదస్సులో కలిశాం సర్", "నమస్కారం" లాంటివి రాస్తే ఫలితం ఉండదు. ఆ రెండు రోజుల్లో ఆయన్ని కలిసినవాళ్లందరూ అదే రాస్తారు. "ఊడల దశలో ట్రైకోడెర్మా: పోస్టర్ దగ్గర మీరు అడిగిన ప్రశ్న" అని రాస్తే తెరవకముందే విషయం తడుతుంది. ఫోన్‌లో సబ్జెక్ట్ లైన్ మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి కనుక పంట, దశ లాంటి అసలు మాటలు ముందే రావాలి.

ఇలా రాయాలంటే ఆయన ఏమన్నారో ఆమెకు గుర్తుండాలి. ఆయన అటు తిరగ్గానే కార్డు వెనకో, సదస్సు పుస్తకం అంచునో మూడు సంగతులు రాసుకోవాలి: ఆయన అడిగింది, తను ఇస్తానన్నది, ఎక్కడ ఎప్పుడు మాట్లాడుకున్నది. సాయంత్రానికి వాయిదా వేస్తే ఒకరి ప్రశ్న మరొకరి పేరు మీదకు ఎక్కేస్తుంది.

అపోహ: ఫలితం పూర్తిగా చేతికొచ్చాకే రాయాలి, అంతవరకు రాయడం తొందరపాటు.

వాస్తవం: మంచి విద్యార్థులను ఎక్కువగా దెబ్బతీసేది ఈ అపోహే. పని పట్ల నిజాయితీ ఉన్నవాళ్లే సగం ఫలితంతో రాయడానికి సిగ్గుపడతారు. మట్టి నమూనాలను పలుచన చేసి, పళ్ళేల్లో పెంచి, కాలనీలు లెక్కపెట్టి, పట్టిక వేసేసరికి వారాలు గడుస్తాయి. ఈలోగా ఆయన మరో రెండు సమావేశాలకు వెళ్లొస్తారు. ఆమె ఎంత మంచి పట్టిక పంపినా అది ఎవరో తెలియని మనిషి పంపిన పట్టికగానే చేరుతుంది.

అందుకే రెండు మెయిల్స్ రాయాలి. మొదటిది సదస్సు ముగిశాక రెండు మూడు పనిదినాల్లో వెళ్లాలి. సదస్సు నడుస్తున్న రాత్రి పంపినా తప్పులేదు గానీ, ఆ రోజుల్లో ఆయన ఫోన్‌లోనే మెయిల్ చూస్తారు, చూసింది కిందకు పోతుంది. ఊరు చేరి, మళ్లీ బల్ల ముందు కూర్చున్న రోజు ఉదయం అందితే మేలు. రాత్రి రాసుకుని, ఉదయం వెళ్లేలా జీమెయిల్‌లోని Schedule send వాడుకోవచ్చు. ఆ మెయిల్‌లో ఫలితం లేకపోయినా, అది ఎప్పుడొస్తుందో తేదీ ఉండాలి. అనుకున్న తేదీకి వెళ్లే రెండో మెయిల్‌లో పట్టిక ఉంటుంది. అప్పటికి ఆమె ఆయనకు మాట నిలబెట్టుకున్న మనిషి.

ఒక జాగ్రత్త. ప్రచురించని లెక్కలు బయటివారికి పంపేముందు గైడ్ అనుమతి తీసుకోవాలి, మెయిల్ నకలు గైడ్‌కూ వెళ్లాలి. ఇది మర్యాద ఒక్కటే కాదు. ఆ లెక్కల మీద హక్కు, బాధ్యత ఇద్దరివీ.

అపోహ: పెద్దవారికి రాసేటప్పుడు వివరంగా, వినయంగా, పొడవుగా రాయడమే గౌరవం.

వాస్తవం: మనకు ఈ అలవాటు బడి సెలవు చీటీల నుంచి వచ్చింది. "మీ అమూల్యమైన సమయాన్ని వెచ్చించినందుకు" అని మొదలుపెట్టి, తన చదువు, గైడ్ పేరు, అవార్డులు, ఆశయాలు అన్నీ చెప్పి, చివర్లో బయోడేటా జతచేస్తారు. చదివేవారికి ఏం చేయాలో తెలియదు. తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడతారు, ఆ తీరిక దొరకదు. నిజమైన గౌరవం ఆయన పని తేలిక చేయడంలో ఉంది.

ఆ అమ్మాయి ఇలా రాయొచ్చు. ఇలాంటి మెయిల్ మామూలుగా ఇంగ్లీషులో వెళుతుంది, సారాంశం మాత్రం ఇది:

"నమస్కారం సర్. సదస్సు రెండో రోజు మధ్యాహ్నం పోస్టర్ల దగ్గర కలిశాను. అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ కాండం కుళ్ళు మీద నా పోస్టర్ చూసి, ట్రైకోడెర్మా ఊడలు దిగేనాటికి మట్టిలో మిగులుతోందా అని అడిగారు. 60 రోజుల నమూనాల లెక్క ఈ నెల 20కి పూర్తవుతుంది, ఆ పట్టిక మీకు పంపుతాను. ఒక్క సందేహం: మొక్క మొదలు దగ్గర తీసిన మట్టి సరిపోతుందా, ఊడలు దిగే చోట విడిగా కూడా తీయాలా? పోస్టర్ ఫొటో జతచేశాను."

ఇందులో పొగడ్త లేదు. చోటు, సందర్భం ఒక వాక్యంలో అయిపోయాయి. ఆయన ప్రశ్న ఆయన మాటల్లోనే తిరిగి వచ్చింది. ఇస్తానన్నదానికి తేదీ ఉంది. అడిగింది ఒక్కటే, అదీ ఆయనకు కొట్టిన పిండి. కారులో కూర్చునైనా "విడిగా తీయండి" అని రెండు ముక్కల్లో జవాబివ్వగలరు. జతచేసింది ఒక్క ఫొటో. ముఖం గుర్తు లేకపోయినా పోస్టర్ రంగులు, బొమ్మలు చూడగానే ఆ సంభాషణ గుర్తొస్తుంది.

ఇదే మెయిల్‌లో "మీ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్ అవకాశం ఉందా?" అని చేర్చితే మొత్తం చెడుతుంది. దానికి జవాబివ్వాలంటే ఆయన నిధులు చూడాలి, సంస్థ నిబంధనలు చూడాలి, ఆమె పని తెలియాలి. ఒక్క వాక్యంలో అయ్యే జవాబు కూడా ఆ బరువు కింద ఆగిపోతుంది. ఆ ప్రశ్నకూ సమయం వస్తుంది, రెండు మూడు జవాబులు అటూ ఇటూ నడిచాక. అలాగే "తేలాక చెప్పు" అన్న మాటను "కలిసి పనిచేద్దామన్నారు" అని పెంచి రాయకూడదు. తాను అనని మాట తన పేరు మీద కనిపిస్తే ఎవరైనా వెనక్కి తగ్గుతారు.

అపోహ: మెయిల్ కంటే వాట్సాప్ నయం, వెంటనే చూస్తారు.

వాస్తవం: చూస్తారు, చూసి మరిచిపోతారు. తెలియని నంబరు నుంచి వచ్చిన సందేశం కింద పట్టిక ఉన్నా, మూడు వారాల తర్వాత వెతికితే దొరకదు. ఆయనే "వాట్సాప్ చెయ్యమ్మా" అంటే తప్ప నంబరుకు రాయకపోవడమే మంచిది. రాసినా మొదటి వాక్యంలో పేరు, పోస్టర్ విషయం ఉండాలి. ఆ నంబరుకు పండగ శుభాకాంక్షలు, ఫార్వర్డులు పంపకూడదు.

అపోహ: జవాబు రాలేదంటే మనం నచ్చలేదని అర్థం.

వాస్తవం: కొత్తవాళ్లతో మాట్లాడాక, ఎదుటివారికి మనం ఎంత నచ్చామన్నది మనం తక్కువగానే అంచనా వేస్తాం. 2018లో అమెరికా, బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, అపరిచితులు కాసేపు మాట్లాడుకున్నాక ఇద్దరినీ విడివిడిగా అడిగితే, ఎదుటివారికి తాము నిజంగా నచ్చినంతగా నచ్చామని వాళ్లు అనుకోలేదు. పోస్టర్ దగ్గర తడబడ్డానని ఆ అమ్మాయి రాత్రంతా బాధపడుతుంది. ఆయనకు గుర్తున్నది మంచి ప్రశ్నకు దాపరికం లేని జవాబు.

జవాబు రాకపోవడానికి మామూలు కారణాలుంటాయి. కార్డు మీద పాత చిరునామా ఉండొచ్చు, బరువైన ఫైలు వల్ల మెయిల్ స్పామ్‌లోకి పోయి ఉండొచ్చు, ఆయన సెలవులో ఉండొచ్చు. అందుకే మొదటి మెయిల్‌కు జవాబు లేకపోయినా 20న పట్టిక పంపాల్సిందే. కొత్తగా మొదలుపెట్టకుండా, పాత మెయిల్ కిందే జవాబుగా పంపాలి. అప్పుడు మొదటి పరిచయం అక్కడే కనిపిస్తుంది. "నా మెయిల్ చూశారా సర్?" అని అడగాల్సిన పనే ఉండదు, గుర్తుచేసే పని ఆ పట్టికే చేస్తుంది. మరో పది రోజులకు ఒక్క వాక్యంతో ఇంకోసారి అడగవచ్చు. అప్పటికీ మౌనమే అయితే ఆపాలి. పేపరు అచ్చయినప్పుడో, మరో సదస్సుకు ఇద్దరూ వెళుతున్నప్పుడో మళ్లీ రాయడానికి నిజమైన కారణం దొరుకుతుంది.

వచ్చిన జవాబునూ సరిగా చదవాలి. "కలిసినందుకు సంతోషం, శుభాకాంక్షలు" అని వస్తే ఆయన తన వంతు ముగించారని అర్థం. ధన్యవాదాలు చెప్పి వదిలేయాలి. జవాబులో ప్రశ్న ఉన్నా, ఎవరి పేరైనా సూచించినా, పేపరు జతచేసినా తలుపు తెరిచి ఉన్నట్టే. దానికి రెండు మూడు రోజుల్లో తిరిగి రాయాలి.

పెద్ద శాస్త్రవేత్తలకూ ఒక మనవి. "నాకు మెయిల్ చెయ్యండి" అన్న మీ మాటను ఆ పిల్లలు దాచుకుని, ఎన్నోసార్లు దిద్ది దిద్ది మీకు రాస్తారు. సమయం లేకపోతే "అందింది, మార్చి తర్వాత చూస్తాను" అన్న ఒక్క వాక్యమైనా దయచేసి రాయండి.