సబ్బు ఫొటోకి ఏఐ ప్రాంప్ట్: 'ప్రశాంతంగా' అని రాస్తే ఎందుకు చాలదు?

చేత్తో సబ్బులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ రాసుకున్న బ్రీఫ్ చూడండి: వేప-పసుపు సబ్బు, కొనేది పసిపిల్లల తల్లులు, మూడ్ ప్రశాంతంగా. ఇలాగే ఇస్తే ఇమేజ్ టూల్ చాలాసార్లు స్పా కొవ్వొత్తులు, గులకరాళ్లు పెట్టేస్తుంది. కాబట్టి ప్రతి మాటనీ కంటికి కనిపించేలా మార్చాలి. 'తల్లులు' అన్నది పిల్లల టవల్ అవుతుంది, 'ప్రశాంతం' ఉదయపు వెలుగు అవుతుంది. అప్పుడు ప్రాంప్ట్ ఇదీ:

"నల్లరాతి గట్టు మీద లేత పసుపు రంగు చదరపు సబ్బు, అంచులు కాస్త గరుకుగా. పక్కన మడతపెట్టిన తెల్లని పిల్లల కాటన్ టవల్, రెండు వేపాకులు. ఎడమ కిటికీ నుంచి మెత్తని ఉదయపు వెలుగు. పైన కుడివైపు ఖాళీ. క్లోజప్, చదరపు ఫ్రేమ్."

ఆ ఖాళీ పేరు కోసం. తెలుగు అక్షరాలు టూల్‌తో రాయిస్తే తరచూ గుణింతాలు చెడతాయి, తర్వాత ఎడిటర్‌లో మీరే టైప్ చేసుకోండి.

అసలు చిక్కు వేరే ఉంది. వచ్చిన బొమ్మలోది ఆవిడ సబ్బు కాదు. అది చూసి కొన్నవాళ్లు వేరే రంగు సబ్బు అందితే వెనక్కి పంపేస్తారు. అందుకే అసలు సబ్బు ఫొటోని కూడా అప్‌లోడ్ చేసి, వచ్చినదాన్ని రంగు, అంచులు చూసి పోల్చాలి. తేడా ఉంటే సబ్బు లేకుండా బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే చేయించి, అసలు ఫొటోని అందులో అతికించడమే మంచిది.