ముందు వెలుగు, వెనక చీకటి

సాయంత్రం ఆరున్నరకు సూర్యాపేట దారిలో వాన పట్టుకుందనుకోండి. మీ కారు ముందు తెల్లటి డీఆర్‌ఎల్ వెలుగుతోంది, ఎదురుగా మీటర్లూ వెలుగుతున్నాయి. లైట్లు వేసే ఉన్నాయని మీ ధైర్యం. వెనక వస్తున్న లారీ డ్రైవరుకు మాత్రం మీ కారు వాన తెరలో కలిసిపోయింది.

డీఆర్‌ఎల్ పగటిపూట ఎదుటివాళ్లకు మనం కనబడటానికి పెట్టిన దీపం. దారి చూపేంత వెలుగు దానికి ఉండదు. చాలా కార్లలో దానితోపాటు వెనక లైట్లు వెలగవు కూడా. పాత కార్లలో హెడ్‌లైట్లు వేస్తేనే మీటరు వెలిగేది కాబట్టి మరచిపోతే వెంటనే తెలిసేది. ఇప్పుడు మీటరు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది, ఆ గుర్తు పోయింది. అందుకే మీటరులో పచ్చటి లైటు బొమ్మ వచ్చిందో లేదో చూడాలి.

స్విచ్ AUTO మీద ఉంటే చాలదా? అద్దం దగ్గరి సెన్సరు కొలిచేది బయటి వెలుతురునే. మధ్యాహ్నపు వానలో, మంచులో దానికి వెలుతురు సరిపోయినట్టే ఉంటుంది. కొన్ని కార్లు వైపర్లు తిరగగానే లైట్లు వేస్తాయి, అన్నీ వేయవు. అలాంటప్పుడు స్విచ్‌ను చేత్తో లో బీమ్‌కు తిప్పడమే మేలు. పొద్దుగూకినా లైట్లు ఆలస్యంగా వెలుగుతుంటే మెనూ చూడండి. చాలా హోండా కార్లలో Auto Light Sensitivity అని ఉంటుంది. దాన్ని Max వైపు జరిపితే ఇంకా వెలుతురుండగానే వెలుగుతాయి, Min వైపు జరిపితే బాగా చీకటి పడ్డాకే.

దీనితో హై బీమ్ కూడా మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు. హై బీమ్‌ను నడిపేది అద్దం వెనకున్న కెమెరా. అది ఎదుటి హెడ్‌లైట్లను, ముందు బండి వెనక లైట్లను వెతుకుతుంది. చాలా కార్లలో దానికి ఆన్, ఆఫ్ తప్ప సర్దుబాటు ఉండదు. లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, సైకిలు, నడిచి వెళ్లే మనిషి దాని లెక్కలోకి రాకపోవచ్చు. డివైడరు మీది చెట్ల చాటున వచ్చే లారీ హెడ్‌లైట్లు దానికి ఆలస్యంగా దొరుకుతాయి. ఈలోగా ఎత్తులో కూర్చున్న ఆ డ్రైవరు కళ్లలో మన వెలుగు పడుతుంది. మలుపుల్లో, ఎత్తు ఎక్కి దిగేచోట కూడా అంతే. ఇలాంటి దారుల్లో ఆటోను నమ్మకుండా డిప్ మనమే కొట్టాలి.

అకారణంగా హై బీమ్ పడిపోతూ లేస్తూ ఉంటే ముందు అద్దం తుడవండి. ఫాస్టాగ్ స్టిక్కరు కెమెరా ముందు పడిందేమో చూడండి, పడితే కొత్త ట్యాగు తీసుకుని పక్కగా పెట్టించండి.

ఈ సాయంత్రం చీకటి పడేముందు కారు స్టార్టు చేసి, AUTOలో ఉంచి, ఇంట్లో ఒకరిని వెనక నిలబెట్టి వెనక లైట్లు ఎప్పుడు వెలిగాయో అడగండి.